అథ్లెటిక్స్ మీట్‌లో కెప్టెన్ స్వాగత ప్రసంగం: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

"సార్, నేను వైజాగ్‌లో టెన్త్ చదువుతున్నాను. మా స్కూల్ గ్రౌండ్‌లో ఇంటర్ స్కూల్ అథ్లెటిక్స్ మీట్ పెడుతున్నారు. బయటి స్కూళ్ల నుంచి అయిదు టీములు వస్తున్నాయి. గర్ల్స్ స్పోర్ట్స్ కెప్టెన్‌ని నేనే కాబట్టి గెస్టులకీ టీములకీ వెల్‌కమ్ స్పీచ్ తెలుగులో నేనే చెప్పాలి. చీఫ్ గెస్ట్ నేవీ ఆఫీసర్. నెట్‌లో చూసి రెండు పేజీలు రాశాను, చదివితే అయిదు నిమిషాల పైనే పడుతోంది. పైగా అవి నా మాటల్లా లేవు. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి? మైక్ అంటే కొంచెం టెన్షన్ కూడా ఉంది."

ముందు మీ పీఈటీని అడిగి ప్రోగ్రాం షీట్ తెచ్చుకో తల్లీ. ఆ రెండు పేజీల సంగతి తర్వాత చూద్దాం.

ప్రారంభ కార్యక్రమం మన దగ్గర చాలా స్కూళ్లలో ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. ముఖ్య అతిథిని బ్యాండుతో వేదిక దాకా తీసుకొస్తారు. మార్చ్‌పాస్ట్ ఉంటుంది. స్వాగతం, జెండా, క్రీడాజ్యోతి, ప్రతిజ్ఞ అయ్యాక ముఖ్య అతిథి నాలుగు మాటలు మాట్లాడి మీట్ ప్రారంభమైనట్టు ప్రకటిస్తారు. ఇందులో నీ స్వాగతం మార్చ్‌పాస్ట్‌కి ముందు పెట్టారా, తర్వాత పెట్టారా చూడు. ముందు పెడితే జట్లన్నీ ఇంకా ట్రాక్ అవతల ఓ మూల వరసలు కట్టే హడావుడిలో ఉంటాయి. వాళ్లకి నువ్వు కనపడవు, నీ మాట సగమే చేరుతుంది. తర్వాత పెడితే అందరూ వేదికకి ఎదురుగా నిలబడి ఉంటారు. షీట్‌లో ముందు ఉంటే తర్వాతకి మార్చమని అడుగు. ఇది చిన్న మార్పే, ఎవరూ కాదనరు. జట్లు నీ కళ్లెదుటే ఉన్నాయనుకునే కిందవన్నీ రాస్తున్నాను.

ఇప్పుడు ఆ షీట్ పక్కన నీ రెండు పేజీలు పెట్టుకుని, వేరేవాళ్లు చెప్పాల్సిన మాటలు నువ్వెక్కడ చెప్పేస్తున్నావో గీత కొడుతూ వెళ్లు. "నియమాలకు కట్టుబడి, నిజమైన క్రీడాస్ఫూర్తితో పోటీపడతామని" అనే వాక్యం నీ కాగితంలోనూ ఉండే ఉంటుంది, నెట్‌లో దొరికే ప్రతిదాంట్లోనూ ఉంటుంది కాబట్టి. అది ప్రతిజ్ఞలో మాట. 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో ఒక క్రీడాకారుడు అందరి తరఫునా ఆ మాట ఇచ్చినప్పటి నుంచి ప్రారంభోత్సవంలో దానికంటూ విడిగా ఒక చోటు ఉంది. నువ్వు ఇక్కడే చెప్పేస్తే, పది నిమిషాల తర్వాత జట్లు చెయ్యి ముందుకు చాపి అదే చెబుతున్నప్పుడు అది రెండోసారి విన్న మాట అవుతుంది. ఇక స్కూల్ ఎప్పుడు పెట్టారు, ఎన్ని కప్పులు వచ్చాయి అన్నది హెడ్మాస్టర్ గారి నివేదికలోది. టెంటు వేసినవాళ్లకీ మంచినీళ్లు ఇచ్చినవాళ్లకీ థ్యాంక్స్ చెప్పడం ఆఖర్న వందన సమర్పణ చేసేవాళ్ల పని. ఆటల వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ అలవడతాయని వేదిక మీద ఉన్న పెద్దలు ఎలాగూ చెబుతారు. ఒకరు మర్చిపోతే ఇంకొకరు చెబుతారు, ఆ విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, "ఈ మీట్‌ను ప్రారంభిస్తున్నాం" అని నువ్వు అనకూడదు. ఆ మాట ముఖ్య అతిథిది. కెప్టెన్ నోటి నుంచి ముందే వచ్చేస్తే ఆయన లేచి నిలబడి మళ్లీ అదే అనాల్సి వస్తుంది, చూసేవాళ్లకీ ఇబ్బందిగా ఉంటుంది.

ఇవన్నీ కొట్టేస్తే రెండు పేజీలు అరపేజీ అవుతాయి. కంగారు పడకు, ఉండాల్సిన సైజు అదే. క్లాసులో గబగబా చదివే వేగం గ్రౌండ్‌లో పనికిరాదు. అక్కడ నిమిషానికి ఎనభై, తొంభై మాటలు దాటితే వెనక వరసలకి గోలలా వినిపిస్తుంది. మధ్యలో చప్పట్లకి ఆగాలి. నూట యాభై, నూట అరవై మాటలు రాసుకుంటే రెండున్నర నిమిషాలకి సరిపోతుంది.

అంతకు మించకూడదనడానికి అసలు కారణం ఎదురుగా నిలబడ్డ పిల్లలు. వాళ్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఉంటారు, చాలామంది సరిగా తిని ఉండరు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎండ ఎక్కుతుంది. మన ఊరి ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అటెన్షన్‌లో మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి తలకి తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. ఎవరైనా మాటిమాటికీ ఆవలిస్తున్నా, మొహం పాలిపోయినా, కొంచెం ఊగుతున్నా పడిపోబోతున్నారని అర్థం. అందుకని నువ్వు మైక్ అందుకునే ముందే జట్లకి స్టాండ్ ఎట్ ఈజ్ ఇప్పించమని పీఈటీతో చెప్పి పెట్టుకో. ఇది మర్చిపోయి ప్రసంగం మొత్తం పిల్లల్ని అటెన్షన్‌లోనే ఉంచేసే స్కూళ్లు చాలా ఉన్నాయి. నువ్వు మాట్లాడుతుండగా ఎవరైనా పడిపోతే ఆగిపో. ఆ పిల్లని నీడకి తీసుకెళ్లి పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తి పెట్టేదాకా ఆగి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టు. ఏమీ జరగనట్టు చదువుకుంటూ పోతే బాగోదు.

ఇక అతిథుల సంగతి. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లోనే ఉంది కాబట్టి ఇక్కడి స్కూళ్లకి నేవీ అధికారులు అతిథులుగా రావడం మామూలే. ఇబ్బందల్లా హోదా దగ్గర వస్తుంది. లెఫ్టినెంట్ కమాండర్ వేరు, కమాండర్ వేరు. ఆ పైన కెప్టెన్, కమొడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్ ఇలా వెళ్తుంది. ఒక మెట్టు తగ్గించి పిలిస్తే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు గానీ పక్కన కూర్చున్న హెడ్మాస్టర్ గారికి చెమట పడుతుంది. ఆహ్వాన పత్రికలో ఉన్నదాన్ని నమ్మకు, అది అచ్చయ్యాక ప్రమోషన్ వచ్చి ఉండొచ్చు. ఆయన ఆఫీసుతో మాట్లాడిన టీచర్ ఎవరో కనుక్కుని, హోదా ఏమిటి, పేరు ఎలా పలకాలి అని ఈ రెండూ అడుగు. నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కర్నల్‌తో సమానం, అది కూడా తెలుసుకుని ఉండు. వచ్చేది కెప్టెన్ అయితే "మీరూ కెప్టెనే, నేనూ కెప్టెన్‌నే" అని జోక్ వేయాలనిపిస్తుంది. వద్దు. ఆ జోక్ ఆయన వేస్తే బాగుంటుంది, దాదాపు ఖాయంగా వేస్తారు కూడా.

పేరు పలకడం అంతకన్నా ముఖ్యం. నేవీలో అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరుని మనం మన అలవాటులో చదివేస్తాం. రాఠీ అనే ఇంటిపేరుని ఇంగ్లీషులో చూసి "రతి గారికి స్వాగతం" అంటే ఇక ఆ రోజంతా గ్రౌండ్‌లో అదే మాట్లాడుకుంటారు. పేరుని తెలుగులో పెద్ద అక్షరాలతో, పలికే విధంగా కార్డు మీద రాసుకో. హోదా చెప్పాక "శ్రీ" అక్కర్లేదు. "కమాండర్ ఫలానా గారికి" అంటే చాలు. "గారు" మాత్రం వదలకు, తెలుగులో మాట్లాడుతున్నాం కదా. ఆయనకి తెలుగు రాదని తెలిస్తే, ఆయనని ఉద్దేశించి చెప్పే ఒక్క వాక్యాన్ని హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పి మళ్లీ తెలుగులోకి వచ్చెయ్. మొత్తం ప్రసంగాన్ని రెండు భాషల్లో చెప్పడం మొదలుపెడితే టైం రెట్టింపవుతుంది.

వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చదవాలా అని అడుగుతారు పిల్లలు. ముఖ్య అతిథి పేరు చెప్పాలి. గౌరవ అతిథులు ఒకరిద్దరుంటే వాళ్ల పేర్లూ చెప్పాలి. మిగతావాళ్లని "మా కరస్పాండెంట్ గారికి, హెడ్మాస్టర్ గారికి" అని పదవితో చెబితే సరిపోతుంది. పేర్లు మొదలుపెట్టావంటే ఎక్కడ ఆపినా ఆ తర్వాతి కుర్చీలోవాళ్లు నొచ్చుకుంటారు. ఎమ్మెల్యేనో కార్పొరేటరో వస్తుంటే ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత అన్నది నువ్వు తేల్చకు. ఆ వరస హెడ్మాస్టర్ గారితో రాయించుకుని ఉన్నదున్నట్టు చదువు. ఒక్క వర్గాన్ని మాత్రం మర్చిపోవద్దు, వాళ్లే అఫీషియల్స్. స్టార్టరు, స్టాప్‌వాచ్ పట్టేవాళ్లు, పిట్ దగ్గర టేపు పట్టేవాళ్లు చాలావరకు వేరే స్కూళ్ల పీఈటీలే, సాయంత్రం దాకా ఎండలో నిలబడేది వాళ్లే. వేదిక మీద కూర్చోరు కాబట్టి స్వాగతాల్లో వాళ్ల ఊసే రాదు.

ఇప్పుడు జట్ల దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఈ ప్రసంగం ఉన్నదే ఇందుకోసం. అతిథులకి స్వాగతం చెప్పడానికి హెడ్మాస్టర్ గారున్నారు, ఆయన నీకంటే బాగా చెబుతారు. పరుగెత్తేవాళ్లకి పరుగెత్తే మనిషి చెప్పే స్వాగతం మాత్రం నువ్వే చెప్పగలవు. అలాంటిది చాలా ప్రసంగాల్లో అతిథులకి పది వాక్యాలు వెళ్తాయి, జట్లకి "వివిధ పాఠశాలల నుంచి విచ్చేసిన క్రీడాకారులకు" అని అరవాక్యం మిగులుతుంది.

ప్రతి జట్టు పేరూ చదువు. ఏ వరసలో అంటే, ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశం భాష అక్షర క్రమంలో జట్లు వస్తాయి, ముందు గ్రీస్, చివర ఆతిథ్య దేశం. మనకి గ్రీస్ లేదు కాబట్టి తెలుగు అక్షర క్రమం పెట్టుకుని, మీ స్కూల్‌ని ఆఖర్న ఉంచు. మాటవరసకి ఆనందపురం, గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, భీమిలి వైపు నుంచి జట్లు వస్తున్నాయనుకుందాం. ఇదే అక్షర క్రమం. మార్చ్‌పాస్ట్ కూడా ఇదే వరసలో నడిస్తే, నువ్వు పేరు చదువుతుంటే ఆ జట్టు ఎక్కడ నిలబడి ఉందో అతిథులకి కళ్లతో దొరుకుతుంది. స్కూల్ బోర్డు మీద ఏ పేరుందో అదే చదువు, మనం వాడే ముద్దుపేర్లు వద్దు. ఏ జట్టుకీ విశేషణం తగిలించకు. "గత సంవత్సరం చాంపియన్లు" అని ఒకళ్లకి తగిలించావంటే పక్కవాళ్లకి ఏం పెట్టాలో వెతుక్కోవాలి. ప్రతి పేరుకీ అవే మాటలు, అంతే పొడవు. పేరు చెప్పాక రెండు సెకన్లు ఆగు. ఆ జట్టు పిల్లలు ఈలలేసో కేకలేసో జవాబిస్తారు. ఆగకపోతే వాళ్ల కేకలు తర్వాతి జట్టు పేరు మీద పడి, ఆ పేరు ఎవరికీ వినపడదు.

ఆ తర్వాత ఈ గ్రౌండ్‌లో రోజూ పరుగెత్తేవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటో రెండో చెప్పు. స్కూల్ గ్రౌండ్‌లో ట్రాక్ అంటే సింథటిక్ కాదు కదా, మట్టి మీద సున్నంతో గీసిన రెండు వందల మీటర్ల ట్రాక్. చాలాచోట్ల గ్రౌండ్‌లో పట్టడానికి వంపులు బిగించి గీస్తారు. ప్రతి గ్రౌండ్‌కీ ఒక గుణం ఉంటుంది. ఒకచోట వాన నీళ్లు నిలిచి నేల మెత్తబడి ఉంటుంది, ఒకచోట గులకరాళ్లు పైకి తేలుతుంటాయి, ఒకచోట ఫినిష్ దాటాక గోడ దగ్గరగా ఉండి ముందే వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. మీ స్కూల్ పిల్లలకి ఇవన్నీ అలవాటు, వాళ్ల కాళ్లకే తెలుసు. బయటి నుంచి వచ్చిన పిల్లకి హీట్స్‌లో కాలు జారాక తెలుస్తుంది. ఆ తేడాని పోటీకి ముందే నీ నోటితో చెప్పేస్తే, అతిథి జట్టుకి అంతకన్నా మంచి స్వాగతం ఏముంటుంది? వేదిక మీద ఉన్న పెద్దలెవరూ ఈ మాట చెప్పలేరు, వాళ్లు ఆ వంపులో పరుగెత్తలేదు.

అయితే ముందురోజు సాయంత్రం గీతలు వేస్తున్నప్పుడే మీ పీఈటీతో కలిసి ట్రాక్ చుట్టూ ఒకసారి నడువు. నువ్వు గమనించినవి చూపించు. నిజంగా ప్రమాదం అనిపించేదాన్ని మైక్‌లో చెప్పి వదిలేయడం కాదు, రాత్రికే మట్టి పోసి సరిచేయించాలి. కాస్త తేడాగా ఉండి అలాగే ఉండిపోయేది ఏదో అదే మైక్‌లో చెప్పాలి. "గ్రౌండ్ బాగోలేదు, క్షమించండి" అనే ధోరణి వద్దు. ఇక్కడ ఇలా ఉంటుంది, చూసుకోండి అన్నట్టు మామూలుగా చెప్పు. మార్చ్‌పాస్ట్ జట్లు ట్రాక్‌ని అడ్డంగా దాటే చోట సున్నం గీతలు చెరిగిపోతాయి, ఈవెంట్లు మొదలయ్యేలోపు ఎవరైనా మళ్లీ గీయాలి. ఇది ప్రసంగం సంగతి కాదులే, కానీ కెప్టెన్‌వి కాబట్టి చెబుతున్నాను.

ఊరి గురించి ఒక్క వాక్యం ఉంటే బాగుంటుంది. వైజాగ్‌లో అథ్లెటిక్స్ మీట్ అంటే జ్యోతి యర్రాజి పేరు రాకుండా ఉండదు, రావాలి కూడా. కాకపోతే పిల్లలు ఆమెకి లేని పతకాలు అంటగడుతుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆమె పాల్గొంది, పతకం రాలేదు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. 2022లో బెంగళూరులో 12.82 సెకన్లలో పరుగెత్తి, ఆ పోటీని పదమూడు సెకన్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది అంతకుముందు కోజికోడ్‌లో ఆమె జాతీయ రికార్డు కంటే మెరుగైన టైం చేసినా లెక్కలోకి రాలేదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లుంది, రికార్డుకి పరిమితి 2 మీటర్లు. ఇవన్నీ నీ జ్ఞానం కోసం చెప్పాను, ప్రసంగంలో ఒక్క వాక్యమే పెట్టు. ఆమె జీవితచరిత్ర చదవడం మొదలుపెడితే అది వక్తృత్వ పోటీ అవుతుంది.

ఇవన్నీ కలిపితే ఇలా వస్తుంది. మీ వివరాలు వేసుకుని మార్చుకో.

"అందరికీ శుభోదయం. నేను ఈ స్కూల్ స్పోర్ట్స్ కెప్టెన్‌ని.

మా ముఖ్య అతిథి కమాండర్ ఫలానా గారికి స్వాగతం. సర్, ఇందాక మీ ముందు నడిచిన వాళ్లలో చాలామంది ఇవాళ మొదటిసారి వేరే స్కూల్ గ్రౌండ్‌లో పోటీపడుతున్నారు. వాళ్లని చూడటానికి మీరు వచ్చినందుకు మాకు సంతోషంగా ఉంది.

మా హెడ్మాస్టర్ గారికి, ఉపాధ్యాయులకి, తల్లిదండ్రులకి నమస్కారం. సాయంత్రం వరకూ మాతోపాటు ఎండలో ఉండబోతున్న అఫీషియల్స్ అందరికీ స్వాగతం.

ఇక మా జట్లు. ఆనందపురం జట్టుకి స్వాగతం. గాజువాక జట్టుకి స్వాగతం. గోపాలపట్నం జట్టుకి స్వాగతం. పెందుర్తి జట్టుకి స్వాగతం. భీమిలి జట్టుకి స్వాగతం.

ఈ గ్రౌండ్ మీకు కొత్త కాబట్టి రెండు సంగతులు చెబుతాను. రెండో వంపులో లోపలి రెండు లేన్లలో నేల కాస్త మెత్తగా ఉంటుంది, వార్మప్‌లో ఒకసారి అక్కడ పరుగెత్తి చూసుకోండి. ఫినిష్ దాటాక గోడ దగ్గరే ఉంది, ఎడమవైపు తిరిగి ఆగండి. మంచినీళ్లు వేపచెట్టు కింద ఉన్నాయి. ఏం కావాలన్నా పసుపు టోపీల్లో ఉన్న మా వాళ్లని అడగండి.

వంద మీటర్ల హర్డిల్స్‌ని పదమూడు సెకన్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళ జ్యోతి యర్రాజిది ఈ ఊరే. ఆ ఊళ్లో పరుగెత్తడానికి వచ్చిన మీ అందరికీ మా జట్టు తరఫున మరోసారి స్వాగతం."

అంతే. ఇందులో "విచ్చేసిన", "వేదికనలంకరించిన", "స్వాగత సుమాంజలి" లాంటివి లేవని ఎవరైనా టీచర్ అనొచ్చు. ఆ మాటలు తప్పేమీ కావు. నోరు తిరిగితే ఒకటి పెట్టుకో, ముఖ్య అతిథి వాక్యంలో బాగుంటుంది. జట్ల దగ్గర మాత్రం నువ్వు లేన్‌లో నిలబడి పక్క లేన్ పిల్లతో మాట్లాడే భాషే ఉండాలి. నీ మాటల్లా లేవని నీకే అనిపించింది చూడు, సరిగ్గా అక్కడే అలా అనిపించి ఉంటుంది.

మైక్ సంగతి. టెన్షన్ సగం గ్రౌండ్‌లో మైక్ ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్లే వస్తుంది. మైక్‌సెట్ వాళ్లు గ్రౌండ్ నాలుగు మూలలా హారన్లు కడతారు. వంద మీటర్ల దూరంలో ఉన్న హారన్ నుంచి నీ గొంతు నీ చెవికి చేరడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది. అంటే నువ్వు "గాజువాక" అని ముందుకెళ్లేసరికి వెనక నుంచి ఇంకో "గాజువాక" వస్తుంది. ఇది తెలియనివాళ్లు ఆ శబ్దం విని తడబడతారు, లేదా దానికోసం ఆగి మాట సాగదీస్తారు. దాన్ని పట్టించుకోకూడదు. చిన్న వాక్యం చెప్పడం, పూర్తిగా ఆగడం, ఆ రెండో గొంతు అయిపోయాక తర్వాతి వాక్యం ఎత్తుకోవడం, అంతే. పైన రాసినదాంట్లో వాక్యాలు పొట్టిగా ఉన్నది అందుకే. ఇంట్లో అద్దం ముందు ఎంత ప్రాక్టీస్ చేసినా ఈ అలవాటు రాదు. ముందురోజు మైక్ టెస్టింగ్ జరుగుతున్నప్పుడు వెళ్లి జట్ల పేర్లు మాత్రం రెండుసార్లు చదివి చూసుకో. అప్పుడే స్నేహితురాలిని ఫినిష్ లైన్ దగ్గర నిలబెట్టి ఏం వినపడిందో అడుగు.

మైక్‌ని నోటికి నాలుగు వేళ్ల దూరంలో, గడ్డం ఎత్తులో పట్టుకో. నోటికి ఆనిస్తే "ప", "భ" అన్నప్పుడల్లా డబ్బు డబ్బుమంటుంది, పైన జట్ల పేర్లలో రెండు ఆ అక్షరాలతోనే మొదలవుతాయి. స్పీకర్ బాక్సుకి ఎదురుగా నిలబడితే కీచుమంటుంది, దాని వెనక్కి జరుగు. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది. మైక్‌కి స్పాంజి తొడుగు ఉందో లేదో చూసుకో. పల్చటి కాగితం మీద రాసుకుంటే ఆ గాలికి రెపరెపలాడి ఆ చప్పుడు కూడా మైక్‌లో వస్తుంది. అట్ట కార్డుల మీద, ఒకవైపే, పెద్ద అక్షరాలతో రాసుకో.

ఇంకొకటి. మార్చ్‌పాస్ట్‌లో మీ స్కూల్ జెండా పట్టుకుని ముందు నడిచేది కూడా నువ్వే అయి ఉంటావు. అదయ్యాక నేరుగా మైక్ దగ్గరికి పరుగెత్తుకొస్తే మొదటి రెండు వాక్యాలు ఆయాసంలోనే పోతాయి. వరసలు సర్దుకున్నాక జెండా వైస్ కెప్టెన్‌కి ఇచ్చి నడిచే రా. ఆ ఒక్క నిమిషం ఏదైనా మాట్లాడమని యాంకరింగ్ చేసే టీచర్‌కి ముందే చెప్పు. నీ ఆఖరి వాక్యం తర్వాత ఎవరు మైక్ అందుకోవాలో కూడా వాళ్లతోనే అనుకో, లేకపోతే "ధన్యవాదాలు" అన్నాక మైక్ ఎవరికివ్వాలో తెలియక దిక్కులు చూడాల్సి వస్తుంది.

ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం మన దగ్గర వింతేమీ కాదు, ఆఖరి నిమిషంలో ఆయన బదులు వేరే అధికారి రావడం కూడా మామూలే. ఆయన రాకముందే మొదలుపెట్టేయమని పెద్దలు చెబితే జట్ల స్వాగతం, గ్రౌండ్ సంగతులు చెప్పేసి ఆపు. ఆయన వచ్చాక అతిథి వాక్యాలు మూడూ విడిగా చెప్పొచ్చు. నువ్వు మాట్లాడుతుండగానే కారు వచ్చిందంటే ఆ వాక్యం పూర్తి చేసి పక్కకి జరుగు. ఆయన కూర్చున్నాక ఆయనకి స్వాగతం చెప్పి, ఆపిన చోటి నుంచి కొనసాగించు. మొదటి నుంచి మళ్లీ చదవకు, పిల్లలు ఇంకా ఎండలోనే ఉన్నారు. దీనికోసమే కార్డులు మూడు చేసుకో. ఒకదాని మీద అతిథులు, ఒకదాని మీద జట్లు, ఒకదాని మీద గ్రౌండ్, ఊరి వాక్యాలు. అతిథుల కార్డు మీద పేరు, హోదా కింద కాస్త చోటు ఖాళీగా వదులు, వేరే అధికారి వస్తే ఆయన కారు దిగాక మీ హెడ్మాస్టర్ గారిని అడిగి పెన్నుతో నింపుకో.